మనసు బాగోలేని కథలు ఇంట్లో టీవీలో పెట్టేముందు

మూడేళ్ల క్రితం మా పిన్నికి సినిమా చూపించబోయి ఒక తప్పు చేశాను. అప్పటికి ఆవిడ ఆరు నెలలుగా డిప్రెషన్‌కి మందులు వాడుతోంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, "మంచి సినిమా అట పిన్నీ, చూస్తే నీకు ధైర్యంగా ఉంటుంది" అని ఒకటి పెట్టాను. నేనూ అంతకుముందు చూడలేదు, రివ్యూలు చదివానంతే. గంట గడిచాక అందులో అమ్మాయి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఏం జరగబోతోందో నాకు తట్టేలోపే పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. పది నిమిషాలైనా ఆ చప్పుడు ఆగలేదు. వెళ్లి చూస్తే సింకులో ఒక్క గిన్నె కూడా లేదు.

ఆ సినిమా నిజంగా మంచిదే. తప్పల్లా నేను చూడకుండా ఆవిడకి చూపించడం. అప్పటినుంచి ఇలాంటి సినిమా ఏదైనా సరే, ఒక వరస ప్రకారం చూసుకుని గానీ ఇంట్లో పెట్టను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎవరికోసమో తేల్చుకోండి

"డిప్రెషన్ మీద మంచి సినిమా చెప్పండి" అని అడిగేవాళ్లు చాలామంది. ఎవరు చూడటానికి అన్నది మాత్రం చెప్పరు. ప్రస్తుతం బాధపడుతున్న మనిషికి పనికొచ్చే సినిమా వేరు. "ఇదంతా పని లేక వచ్చే జబ్బు" అనే బాబాయికి చూపించాల్సింది వేరు. పదేళ్ల పిల్లకి చూపించేది ఇంకా వేరు. ముగ్గురినీ ఒకే సోఫాలో కూర్చోబెడదామంటే, ఆ ముగ్గురిలో ఎవరు ఎక్కువ సున్నితంగా ఉన్నారో వాళ్లని బట్టే సినిమా ఎంచుకోవాలి.

ఒక సందర్భంలో మాత్రం ఏ సినిమా వద్దు. ఆ మనిషికి వరసగా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు అంటున్నా సినిమా సంగతి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేసినా సరే. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేయాల్సింది బాధపడుతున్న మనిషే కానక్కర్లేదు. ఇంట్లోవాళ్లు చేసి ఏం చేయాలో అడగొచ్చు.

ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు

మొదటిది: ఆ పాత్రకి జబ్బు తప్ప ఇంకేమైనా ఉందా? ఉద్యోగమో, ఇష్టమైన వంటకమో, తమ్ముడితో తగాదానో, ఏదో ఒకటి ఉండాలి. జబ్బు తీసేస్తే పాత్రే మిగలకపోతే, ఆ సినిమా జబ్బుని మసాలాగా వాడుకుంటోందని అర్థం. మనకి ఈ మసాలా బాగా అలవాటే. తలకి దెబ్బ తగిలితే మతి పోవడం, ఇంకో దెబ్బ తగిలితే తిరిగి రావడం, కామెడీ ట్రాకులో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపండ్రా" అనడం, కోస్తావైపైతే అదే మాటకి చినవాల్తేరు పేరు చెప్పడం. ఎర్రగడ్డలోదీ విశాఖలోదీ మామూలు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు. రోజూ జనం ఓపీ చీటీ రాయించుకుని, మందులు తీసుకుని ఇంటికి పోతుంటారు. కానీ ఇంట్లో ఒకరు అక్కడ చూపించుకుంటున్నప్పుడు ఆ జోకు టీవీలో వస్తే, నవ్వుతున్న మిగతావాళ్ల మధ్య ఆ ఒక్కరికీ ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఈ ప్రశ్న దగ్గరే పేర్ల గందరగోళం కూడా చూసుకోవాలి. 'అపరిచితుడు' (2005) చూసిన తరానికి మానసిక జబ్బు అంటే ఒకే ఒంట్లో ముగ్గురు మనుషులు. స్కిజోఫ్రెనియా అన్నా వాళ్లకి అదే గుర్తొస్తుంది. నిజానికి రెండూ వేర్వేరు. స్కిజోఫ్రెనియాలో మనిషి ఇంకో మనిషిగా మారిపోడు. లేని మాటలు వినిపిస్తాయి, ఎవరో వెంటాడుతున్నారన్న నమ్మకం బలపడుతుంది, పనిమీద మనసు నిలవదు. అలాగే 'స్వాతిముత్యం' (1986)లో శివయ్యది జబ్బు కాదు, బుద్ధి ఎదుగుదలలో తేడా. మందులతో నయమయ్యేది కాదది. మన వాడుకలో ఇవన్నీ కలిసి "పిచ్చి" అనే ఒక్క మాటలో పడిపోతాయి. సినిమా ఆ మాటని ఇంకాస్త గట్టిపరుస్తోందా, విడదీసి చూపిస్తోందా అన్నది గమనించండి.

రెండోది: ఎలా నయమైంది? ప్రేమించిన అమ్మాయి ఒక మాట చెప్పగానే, తండ్రి చెంప మీద కొట్టగానే, ఒక పాటలో నాలుగు ఊళ్లు తిరిగి రాగానే తేరుకుంటే, ఆ సినిమా చూసిన ఇంట్లోవాళ్లు కూడా అదే ఆశిస్తారు. డిప్రెషన్ మందులు పట్టు చూపించడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా నోరెండిపోవడం, మగతలాంటి ఇబ్బందులే ముందు కనిపిస్తాయి. ఆ వారాల్లోనే "నయం కాలేదు కదా, మానెయ్" అనే సలహా వస్తుంది. సినిమాలో ఆ నిదానం లేకపోయినా ఫరవాలేదు, డాక్టరునీ మందునీ విలన్లని చేయకపోతే చాలు.

'ఎ బ్యూటిఫుల్ మైండ్' (2001) సంగతి ఇక్కడ చెప్పాలి. గణిత శాస్త్రవేత్త జాన్ నాష్‌కి స్కిజోఫ్రెనియా. సినిమా చివర్లో ఆయన పాత్ర కొత్త మందులు వాడుతున్నానని చెబుతుంది. అసలు నాష్ 1970 తర్వాత మందులు తీసుకోలేదని ఆయనే చెప్పుకున్నారు. ఇంకో తేడా కూడా ఉంది. ఆయనకి వినిపించేవి గొంతులు, సినిమా వాటిని కళ్లకి కనిపించే మనుషులుగా మార్చింది. ఈ రెండు మార్పులూ తెలిసి చూస్తే మంచి సినిమా. తెలియకుండా చూసి తర్వాత నెట్‌లో నాష్ గురించి చదివితే, "ఆయన మానేసి బాగుపడ్డాడుగా, నేనూ మానేస్తా" అనుకునే ప్రమాదం ఉంది. నాష్‌లా మందుల్లేకుండా తేరుకునేవాళ్లు ఉంటారు గానీ తక్కువ. ఎవరు అలా తేరుకుంటారో ముందుగా చెప్పగలిగేవాళ్లు లేరు.

షాక్ ట్రీట్‌మెంట్ సీను ఉంటే ఇంకాస్త జాగ్రత్త. సినిమాల్లో దాన్ని శిక్షలాగా చూపిస్తారు. మెలకువగా ఉన్న మనిషిని కట్టేసి పెట్టి, నోట్లో గుడ్డ కుక్కి మీట నొక్కుతారు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు మందూ కండరాలు సడలే మందూ ఇవ్వకుండా ఆ చికిత్స చేయడం నిషేధం. రేపోమాపో ఆ చికిత్సకి వెళ్లబోయే మనిషి ఇంట్లో ఉంటే అలాంటి సీను ఒక్కటి చాలు, ఆసుపత్రి గడప తొక్కనని మొండికేయడానికి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: చావుని ఎలా చూపించారు? ఆత్మహత్య ప్రస్తావన వచ్చినంత మాత్రాన సినిమా వద్దని కాదు. ఎలా చేసుకున్నారో దగ్గరగా, వివరంగా చూపిస్తే వద్దు. చనిపోయాకే అందరికీ విలువ తెలిసింది, చేసినవాళ్లకి బుద్ధొచ్చింది అన్నట్టు ముగిస్తే అసలే వద్దు. నెట్‌ఫ్లిక్స్‌లో 2017లో వచ్చిన '13 రీజన్స్ వై' మొదటి సీజన్ చివర అలాంటి సీను నిమిషాల తరబడి ఉండేది. డాక్టర్ల అభ్యంతరాలతో రెండేళ్ల తర్వాత, 2019 జులైలో, కంపెనీయే దాన్ని తీసేసింది. దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది. మోజార్ట్ సంగీత నాటకం ఒకదాంట్లో పాపగేనో అనే పిట్టలు పట్టేవాడు ప్రాణం తీసుకోబోతుంటే, ముగ్గురు పిల్లలు వచ్చి ఇంకో దారి గుర్తుచేస్తారు. అతను ఆగిపోతాడు. ఆ అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చిన మనిషి కథ వింటే చూసేవాళ్లకీ కొంత ఊతం దొరుకుతుందని పరిశోధకులు గమనించి, దానికి ఆ పిట్టలవాడి పేరే పెట్టారు. మనం వెతకాల్సింది ఆ రకం సినిమా.

మీరు ఒక్కరే ఒకసారి చూడండి, కాగితం పక్కన పెట్టుకుని

ఇది తప్పించుకోవడానికి దారి లేదు. నేను తప్పించుకునే ఆ ఆదివారం తెచ్చుకున్నాను. రెండుంపావు గంటల సినిమాకి ముందు ఒక పది నిమిషాలు వెతుకులాట, తర్వాత సినిమా, అంతే పని.

వెతుకులాటకి రెండు చోట్లున్నాయి. IMDb లో సినిమా పేజీ కిందికి వెళితే Parents Guide అని ఉంటుంది. హింస, తాగుడు, భయపెట్టే సీన్లు ఏమున్నాయో చూసినవాళ్లు రాసిపెడతారు. doesthedogdie.com పేరు వింటే నవ్వొస్తుంది, కుక్క చచ్చిపోతుందా అని. అక్కడ ఆత్మహత్య, ప్యానిక్ ఎటాక్, పిల్లల్ని కొట్టడం లాంటి విషయాలకి ఒక్కోదానికీ ఉందో లేదో జనం ఓట్లు వేస్తారు. పాత తెలుగు సినిమాలకి ఈ రెండు చోట్లా పెద్దగా ఏమీ దొరకదు. ఓటీటీలో సినిమా పేరు కింద ఉండే వయసు గుర్తు (7+, 13+, 16+, A) కూడా చూడండి, పక్కనే ఒకటి రెండు మాటల్లో కారణం రాస్తారు. కానీ అది పిల్లల వయసుకి లెక్కకట్టింది. యాభై ఏళ్ల పిన్నికి ఏం తగులుతుందో ఆ గుర్తు చెప్పదు.

కథ ముందే తెలిస్తే మజా పోతుందంటారు. ఈ సినిమాల విషయంలో ఆ మాట పక్కన పెట్టండి. ముందే తెలియడమే ఇక్కడ రక్షణ. ఇక చూస్తున్నప్పుడు కాగితం మీద రాసుకోవాల్సింది తక్కువే. మీ గుండె కాస్త బరువెక్కిన చోటల్లా స్క్రీన్ మీద టైము, అది ఎప్పుడు ముగుస్తుందో ఆ టైము. నా కాగితం మీద సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి.

ఒక సినిమాతో చేసి చూద్దాం

మా ఇంట్లో బాగా పనికొచ్చింది 'కుంబళంగి నైట్స్'. మలయాళం, 2019. కొచ్చి దగ్గర నీళ్ల మధ్య ఊరు, తలుపులు సరిగ్గా లేని ఇల్లు, అందులో నలుగురు అన్నదమ్ములు. పెద్దవాడు సజి తాగుతాడు, పని చేయడు, ఇస్త్రీ బండి నడిపే తమిళ స్నేహితుడు మురుగన్ సంపాదన మీద బతుకుతాడు. ఒక దశలో తాగిన మైకంలో ప్రాణం తీసుకోబోతాడు. అతన్ని కాపాడబోయి మురుగన్ చనిపోతాడు. ఆ పాపం సజి గుండెల్లో గడ్డకట్టుకుపోతుంది. ఏడుద్దామన్నా ఏడుపు రాదు. చివరికి బడిలో చదువుకునే ఆఖరి తమ్ముణ్ణి పిలిచి, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా అని అడుగుతాడు. డాక్టరు దగ్గర ఆయన్ని పట్టుకుని బావురుమంటాడు.

మూడు ప్రశ్నలూ వేసి చూద్దాం. సజికి జబ్బు తప్ప ఇంకేమైనా ఉందా? బోలెడుంది. తమ్ముళ్లతో గొడవలు, చనిపోయిన స్నేహితుడి భార్య పట్ల బాధ్యత, వదిలేసి వెళ్లిన తల్లి మీద బెంగ. ఎలా తేరుకున్నాడు? డాక్టరు సీను చిన్నదే. ఏ జబ్బు పేరూ పెట్టరు, ఉపన్యాసం లేదు. ఏడ్చినంత మాత్రాన అంతా అయిపోయినట్టూ చూపించరు. తర్వాత మురుగన్ భార్యని, పుట్టిన బిడ్డని ఇంటికి తెచ్చి చూసుకోవడంలో మెల్లగా మనిషవుతాడు. చావు సంగతి? ఇక్కడ ఆగాలి. ఆ ప్రయత్నం సీను ఉంది, చీకటిగా ఉంది, పైగా కాపాడినవాడే చనిపోతాడు. "నా వల్లే అందరికీ కష్టం" అనుకునే మనిషికి సరిగ్గా గుచ్చుకునే చోటు అది. నా కాగితం మీద మొదటి గుర్తు అదే. ఆ రాత్రి సీను మొదలవగానే ముందుకు జరిపేస్తాను. మురుగన్ చనిపోయాడని నోటితో చెబుతాను. కథ తెగదు.

రెండో గుర్తు క్లైమాక్స్. ఒక తమ్ముడు ప్రేమించిన అమ్మాయికి బావ, షమ్మి అనేవాడు, సినిమా అంతా మీసం దువ్వుకుంటూ, ఇంట్లో ఆడవాళ్ల మీద నవ్వుతూనే పెత్తనం చేస్తూ ఉంటాడు. చివర్లో అదుపు తప్పి వాళ్లని కట్టేస్తాడు. అన్నదమ్ములు చేపల వల వేసి అతన్ని పట్టుకుంటారు. ఇక్కడ నాకు సినిమా మీద ఒక ఫిర్యాదు ఉంది. అప్పటిదాకా షమ్మి మనకి బాగా తెలిసిన రకం పెత్తందారు. ఆఖర్లో అతన్ని "సైకో"లా చూపించేసరికి, పెత్తనం చేసే మగాళ్లు హాయిగా "మనం అలా కాదులే" అనుకుంటారు. మానసిక జబ్బు ఉన్నవాళ్లంటే కొట్టేవాళ్లు అనే భయం కూడా ఒక మెట్టు పెరుగుతుంది. నిజంలో జబ్బు ఉన్నవాళ్లు ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. అందుకని క్లైమాక్స్ తీసేయను గానీ, అయిపోయాక ఈ మాట ఎత్తుతాను.

పోల్చి చూడటానికి ఇంకొకటి. 'డియర్ జిందగీ' (2016)లో సముద్రం ఒడ్డున నడుస్తూ, సైకిల్ తొక్కుతూ కౌన్సెలింగ్ జరుగుతుంది. అది చూసి వెళ్లినవాళ్లు చిన్న గదిలో, గోడ గడియారం కింద ముప్పావు గంట కూర్చోవాల్సి వస్తే నిరాశపడతారు. అయినా ఒక విషయం మాత్రం ఆ సినిమా చక్కగా చేసింది. అమ్మాయికి డాక్టరు మీద ఇష్టం కలిగితే అది సహజమేనని చెప్పి, గీత దాటకుండా చికిత్స ముగిస్తాడు. చికిత్స అంటే స్నేహం కాదని ఇంత సౌమ్యంగా చెప్పిన సినిమాలు మనకి తక్కువ. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లడానికి జంకుతున్న ఇరవై ఏళ్ల పిల్లలకి నేను దీన్నే చెబుతాను.

ఇంట్లో కూర్చునేటప్పుడు

రాత్రి భోజనాల తర్వాత వద్దు. సినిమా అయిపోగానే అందరూ పడుకుంటారు, ఆ మనిషి ఒక్కరే చీకట్లో సీన్లు తిప్పుకుంటూ ఉండిపోతారు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఏడుకల్లా అయిపోతుంది. ఆ తర్వాత వంట ఉంటుంది, కూర తరగాలి, కుక్కర్ పెట్టాలి, మాటలు వాటంతట అవే వస్తాయి. గదిలో ఒక లైటు వెలుగుతూ ఉండనివ్వండి, తలుపు తీసే ఉంచండి. సున్నితంగా ఉన్న మనిషిని సోఫా మధ్యలో కూర్చోబెట్టకండి. చివర, గుమ్మం వైపు కూర్చుంటే ఎవరి కాళ్లూ దాటకుండా లేచి వెళ్లిపోవచ్చు. రిమోట్ మీ చేతిలో కాదు, వాళ్ల చేతిలో ఉండాలి.

ఇంకా మొదలుపెట్టకముందు రెండు మాటలు చెప్పండి. నేను పిన్నితో రెండోసారి ఇలా చెప్పాను: "ఇందులో ఒకాయన చాలా బాధలో ఉంటాడు, మధ్యలో తొందరపడబోతాడు, బతుకుతాడు. ఆ ముక్క నేను జరిపేస్తా. నీకు ఎక్కడైనా చాలనిపిస్తే ఆపెయ్, ఎందుకని అడగను." ఆ చివరి మాట నిలబెట్టుకోవాలి. ఆపినప్పుడు "ఏమైంది, ఏమైంది" అని చుట్టూ మూగితే, ఇంకోసారి ఆపరు, భరిస్తారు.

భాష కూడా చూసుకోండి. సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లోనే ఉంటే పెద్దవాళ్లు చదవలేక మొహాలు చూడటం మానేసి కింద గీతలు వెతుక్కుంటారు. నేను ముఖ్యమైన చోట పాజ్ చేసి ఒక ముక్కలో చెబుతాను. సినిమా కాస్త సాగుతుంది, కానీ ఆ విరామాల్లోనే ఊపిరి తీసుకోవడానికి వీలవుతుంది.

అయిపోయాక ఏం మాట్లాడాలి

"నీకు కూడా ఇలాగే ఉంటుందా?" అని అడగొద్దు. మనకి వెంటనే నోటికొచ్చేది అదే, అడిగిన మరుక్షణం తలుపు మూసుకునేదీ దానికే. పాత్ర గురించి అడగండి. పాత్ర చాటున మాట్లాడటం అందరికీ తేలిక.

మా ఇంట్లో 'కుంబళంగి నైట్స్' చూసిన సాయంత్రం బాబాయితోనే నాకు టెన్షన్. "మందులు వేసుకుంటే అలవాటైపోతాయి, గుడికెళ్లొస్తే సరిపోద్ది" అనే మనిషి ఆయన. సినిమా అయ్యాక టీ తాగుతూ ఆయనే మొదలుపెట్టారు.

"మగాడు అలా డాక్టర్ని పట్టుకుని ఏడుస్తాడేంట్రా?"

నాకు వాదించాలనిపించింది, ఆపుకున్నాను. "ఎవర్ని అడిగాడో చూశావా బాబాయ్, తీసుకెళ్లమని? ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ణి."

"పెద్దోళ్లని అడిగితే తిడతారని కాబోలు."

పిన్ని టీ కప్పులోకి చూస్తూ, "అడగడానికి ఎన్ని రోజులు పట్టిందో వాడికి" అంది. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక బాబాయి, "నీ మందులు ఎప్పటిదాకా ఉన్నాయి?" అని అడిగారు. బుధవారం దాకా ఉన్నాయంది. మంగళవారం ఆయనే వెళ్లి తెచ్చారట.

ప్రతిసారీ ఇలా జరుగుతుందని కాదు. ఇంకో ఇంట్లో ఇదే సినిమా చూసి షమ్మి డైలాగులు చెప్పుకుని నవ్వుకుని ఊరుకున్నారు. మాట రాకపోతే లాగొద్దు. మర్నాడు ఒక్కసారి, "నిన్న నిద్ర పట్టిందా?" అని మాత్రం అడగండి. సినిమా తగిలిందో లేదో చెప్పేది ఆ రాత్రి నిద్రే.

పిల్లలతో అయితే

'ఇన్‌సైడ్ అవుట్ 2' (2024) గంటన్నర పైచిలుకు అంతే. పదమూడేళ్ల రైలీ తలలో సంతోషం, దిగులు, కోపం లాంటివి ఒక్కో బొమ్మ. ఈసారి నారింజ రంగులో యాంగ్జైటీ వచ్చి మీటల దగ్గర చేరుతుంది. హాకీ ఆటలో రైలీకి ఊపిరాడదు, గుండె దడదడలాడుతుంది, యాంగ్జైటీ సుడిగాలిలా తిరుగుతూ చేయి తీయలేకపోతుంది. ప్యానిక్ ఎటాక్‌ని పిల్లలకి అర్థమయ్యేలా ఇంత బాగా చూపించిన సినిమా నాకు ఇంకొకటి తెలియదు. రైలీ కూర్చున్న బల్లని చేత్తో తడుముతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. యాంగ్జైటీని తరిమేయరు, ఒక కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇస్తారు.

ఆ సీను దగ్గర పిల్ల మీ మీదికి జరిగితే పాజ్ చేయకండి, పక్కన చేయి వేయండి చాలు. అది ఎలా ముగుస్తుందో పిల్ల చూడాలి. మధ్యలో ఆపితే భయం ఒక్కటే మిగులుతుంది. పెద్దవాళ్లకి చెప్పినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, తెలుసు. పెద్దవాళ్లకి ఆపే హక్కు ముఖ్యం, పిల్లలకి ముగింపు ముఖ్యం. పిల్ల తనే ఆపేయమంటే మాత్రం ఆపేయాల్సిందే. తర్వాత వారం రోజులు మా అక్క కూతురు, స్కూలు వ్యాన్ రాకముందు, "ఇప్పుడు మీటల దగ్గర నారింజది ఉంది" అని చెప్పేది. కడుపునొప్పి అని చెప్పడం తగ్గింది.

ఒంటరిగా చూస్తుంటే

పక్కన ఎవరూ లేరు కాబట్టి ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. సినిమా అయిన అయిదు సెకన్లకే ఏదో హత్యల సిరీస్ ట్రైలర్ మొదలైతే, అప్పటిదాకా పడ్డ జాగ్రత్త అంతా వృథా. ఫోన్లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, దుప్పట్లో పడుకుని చూడకండి. తెర చిన్నదే అయినా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది, ఏడుపు నేరుగా చెవిలో పడుతుంది. టీవీలోనో ల్యాప్‌టాప్‌లోనో, కూర్చుని, స్పీకర్‌లో చూస్తే అదే సీను సగం బరువే ఉంటుంది.

చూస్తుండగా చేతులు చల్లబడటం, ఊపిరి పైపైన ఆడటం, తెర మీద ఏం జరుగుతోందో చెవికెక్కకపోవడం గమనిస్తే సినిమా మిమ్మల్ని దాటిపోయిందని లెక్క. ఆపేసి లైటు వేయండి, లేచి నిలబడండి. గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. తర్వాత తాకగలిగేవి నాలుగు, వినిపించే చప్పుళ్లు మూడు, వాసనలు రెండు, నోట్లో రుచి ఒకటి. చేస్తున్నప్పుడు వెర్రిగా అనిపిస్తుంది. ఫ్యాను చప్పుడు, పక్కింటివాళ్ల మిక్సీ, రోడ్డు మీద హారన్ అని లెక్కపెట్టేసరికి మనసు సినిమాలోంచి గదిలోకి వస్తుంది. మిగతా సగం రేపు చూడొచ్చు, చూడకపోయినా ఎవరూ అడగరు. అలా ఆపాక కూడా రెండు మూడు రోజులు ఆ సీనే తిరుగుతుంటే డాక్టరుతో చెప్పండి. కొత్త ఆలోచన ఏదైనా మొదలైతే రెండు రోజులు కూడా ఆగకుండా 14416 నొక్కండి.

చూడబోయే ముందు ఒకరికి మెసేజ్ పెట్టడం నేను అందరికీ చెప్పే చిన్న అలవాటు. ఏం చూస్తున్నారో, ఎన్నింటికి అవుతుందో రాసి, అయ్యాక ఫోన్ చేస్తానని చెబితే చాలు. పిన్ని ఇప్పుడు ఒక్కతే చూస్తుంది. కాకపోతే మెసేజ్ పెట్టదు, ముందురోజే ఫోన్ చేసి అడుగుతుంది: "ఒరే, ఇందులో ఎన్నో నిమిషం దగ్గర టీ పెట్టుకోవడానికి లేవాలి?"